అరికాలి పులిపిరి: కార్న్ క్యాప్ పెట్టినా మళ్ళీ లేస్తోంది, ఇంట్లో ఏం చెయ్యాలి?

లత_పటమట

మా అబ్బాయికి పదహారేళ్ళు, గుంటూరు దగ్గర ఇంటర్ హాస్టల్లో ఉంటాడు. కుడి అరికాలి ముందు భాగంలో, బొటనవేలి మొదట్లో బరువు ఆనే చోట శనగగింజంత గట్టిగా ఒకటి లేచింది. ఆనెకాయ అనుకుని మందుల షాపులో కార్న్ క్యాప్ తెచ్చి పెడుతున్నాం. నాలుగు రోజులకు చర్మం తెల్లగా నాని ఊడొస్తుంది, తగ్గిందనుకుంటాం, కొన్నాళ్ళకు మళ్ళీ అంతే. ఇప్పుడు దాని పక్కనే చిన్నవి రెండు వచ్చాయి. చూపుడువేలి గోరు పక్కన కూడా గరుకుగా ఒకటి లేస్తోంది. ఇవి ఆనెలా, పులిపిర్లా? ఒకదాన్నుంచి ఒకటి పాకుతున్నాయా? ఇంట్లో తగ్గుతాయా, హాస్పిటల్లో కాల్పించాలా?

అరండల్‌పేట_సిస్టర్

లత గారూ, ముందు అది ఏమిటో తేలాలి. బాబు ఇంటికొచ్చినప్పుడు పగటి వెలుతురులో చూడండి. పాదాన్ని గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు నానబెట్టి, పైన పేరుకున్న గట్టి చర్మాన్ని కాస్త అరగదీశాక చూస్తేనే సంగతి తెలుస్తుంది.

మొదట అరికాలి గీతలు చూడండి. వేలిముద్రల్లాంటి సన్నటి గీతలు పాదం మీద కూడా ఉంటాయి. ఆనెకాయ అయితే ఆ గీతలు దాని మీదుగానే సాగిపోతాయి. పులిపిరి అయితే గీతలు దాని అంచు దాకా వచ్చి ఆగిపోతాయి, చుట్టూ తిరిగి వెళ్తాయి. తర్వాత, అరగదీసిన చోట ఆవగింజ కన్నా చిన్న నల్లచుక్కలు ఉన్నాయేమో చూడండి. అవి పులిపిరిలోకి పెరిగిన సన్నటి రక్తనాళాల్లో గడ్డకట్టిన రక్తం. కొందరు వాటిని పులిపిరి వేర్లనుకుని సూదితో కెలుకుతారు, అలా చెయ్యొద్దు. చివరగా నొక్కి చూడండి. పైనుంచి తిన్నగా నొక్కితే ఎక్కువ నొప్పి పుడితే ఆనె అయ్యే అవకాశం ఎక్కువ. రెండు పక్కల నుంచి వేళ్ళతో పట్టి గిల్లినట్టు నొక్కితే నొప్పి ఎక్కువైతే పులిపిరి.

పక్కన చిన్నవి లేచాయన్నారు, చేతికి కూడా వచ్చిందన్నారు. ఆనె అలా పాకదు. అది చెప్పు ఒత్తిడికి వచ్చేది, పులిపిరి వైరస్ వల్ల వచ్చేది. నాకైతే పులిపిరే అనిపిస్తోంది, అయినా చూసి చెప్పండి.

మంగళగిరి_స్వాతి

సిస్టర్ గారూ, మా అత్తయ్యకు మెడ చుట్టూ, చంకల్లో మెత్తగా వేలాడుతూ చిన్న చిన్న పులిపిర్లు చాలా ఉన్నాయి. వాటికి కూడా కార్న్ క్యాప్ పెట్టొచ్చా? పెద్దవాళ్ళు గుర్రపు వెంట్రుక కట్టమంటున్నారు.

అరండల్‌పేట_సిస్టర్

స్వాతి గారూ, మెడ మీద కాడతో మెత్తగా వేలాడేవి వేరే రకం. వాటికి వైరస్‌తో సంబంధం లేదు, ఎవరికీ అంటుకోవు. ఒళ్ళు వచ్చినవాళ్ళకు, షుగర్ ఉన్నవాళ్ళకు చర్మం రాసుకునే చోట ఎక్కువగా వస్తాయి. ఇక్కడ మాట్లాడుకునే యాసిడ్ వాటి మీద పెడితే మెడ చర్మం కాలి మచ్చ పడుతుంది. వెంట్రుక కడితే కుళ్ళి చీము పట్టొచ్చు. అడ్డం లేకపోతే వదిలెయ్యండి, అడ్డమైతే స్కిన్ డాక్టర్ కొద్ది నిమిషాల్లో తీసేస్తారు. అత్తయ్య గారికి ఒకసారి షుగర్ పరీక్ష చేయించండి.

తెనాలి_బాబాయ్

పులిపిరికి మన ఊళ్ళల్లో సున్నం, చాకలి సోడా కలిపి పుల్లతో పెట్టేవాళ్ళు. రెండు పూటల్లో నల్లగా మాడి రాలిపోయేది. నల్లజీడి రసం, జిల్లేడు పాలు కూడా పనిచేస్తాయి. ఇవన్నీ లోపలి వేరును కాల్చేవే. ఇంకో సంగతి, రక్తం రాకుండా చూసుకోవాలి. పులిపిరి రక్తం ఎక్కడ పడితే అక్కడ కొత్తది లేస్తుంది.

గవర్నర్‌పేట_మందులషాపు

బాబాయ్ గారూ, చర్మాన్ని కొద్దికొద్దిగా కరిగించి తీస్తే పులిపిరి పోతుందన్న వరకు మీ మాట నిజమే. శాలిసిలిక్ యాసిడ్ చేసే పనీ అదే. తేడా ఎక్కడంటే సున్నం సోడా ఎంత లోతు పోతుందో మన చేతిలో ఉండదు. అది గట్టి చర్మం దగ్గర ఆగదు, కింద ఉన్న మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది. అరికాల్లో అలాంటి పుండు మానితే మిగిలే మచ్చ జీవితాంతం నడిచినప్పుడల్లా గుచ్చుకుంటుంది. నల్లజీడి రసం తగిలిన చోటే కాదు, చుట్టూ కూడా బొబ్బలు లేపుతుంది. జిల్లేడు పాలు పొరపాటున కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది. ఈ మూడూ ఇంట్లో వద్దు.

రక్తం సంగతి సగం నిజం. ఆ వైరస్ రక్తంలో తిరగదు, చర్మం పై పొరల్లోనే ఉంటుంది. రక్తం కారేలా గోకినప్పుడు ఆ చర్మపు పొడి గోటి కిందా, పక్కన గీసుకుపోయిన చోటా చేరుతుంది. కొత్తవి లేచేది అందువల్ల.

లత_పటమట

మొన్న బాబు ఇంటికొస్తే నానబెట్టి చూశాం. గీతలు అంచు దగ్గర ఆగిపోయాయి. పెద్దదాంట్లో నల్లచుక్కలు స్పష్టంగా ఉన్నాయి, చిన్నవాటిలో ఒక్కో చుక్క. పక్కల నుంచి నొక్కితే కాలు లాగేసుకున్నాడు. పులిపిర్లే. వాడికి గోళ్ళు కొరికే అలవాటు కూడా ఉంది. మరి కార్న్ క్యాప్‌లో ఉన్నది కూడా ఆ యాసిడే కదా, ఎందుకు పోలేదు?

అరండల్‌పేట_సిస్టర్

మందు మంచిదే లత గారూ, వాడిన తీరులో రెండు లోపాలు ఉన్నాయి. కార్న్ క్యాప్‌లో సాధారణంగా 40 శాతం యాసిడ్ ఉంటుంది. అది పైచర్మాన్ని తెల్లగా నానబెడుతుంది. ఆ తెల్లటి చచ్చిన చర్మాన్ని అరగదీసి తీసెయ్యాలి. తియ్యకపోతే తర్వాత పెట్టిన మందు ఆ చచ్చిన పొరలోనే ఉండిపోతుంది, కింద ఉన్న పులిపిరిని చేరదు. రెండో లోపం, పైది ఊడగానే ఆపేశారు. అప్పటికి కింద సగం అలాగే ఉంది. మళ్ళీ లేచింది కొత్తది కాదు, ఆ మిగిలినదే.

మూడు పులిపిర్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఇప్పుడు క్యాప్ కన్నా సీసాలో వచ్చే పెయింట్ నయం. శాలిసిలిక్ యాసిడ్, లాక్టిక్ యాసిడ్ కలిసి ఒక్కోటీ 16.7 శాతం ఉండేది మన షాపుల్లో దొరుకుతుంది. రాత్రి పడుకునే ముందు ఇలా చెయ్యమనండి. గోరువెచ్చటి నీళ్ళలో ఐదు నుంచి పది నిమిషాలు పాదం నానబెట్టాలి. తడి పూర్తిగా తుడవాలి, వేళ్ళ సందుల్లో కూడా. పెయింటర్లు వాడే ఉప్పుకాగితం చిన్న ముక్కలుగా కత్తిరించి పెట్టుకుని, ఒక ముక్కతో పైన తెల్లగా ఉన్నదాన్ని మాత్రమే రుద్ది తియ్యాలి. గులాబీ రంగు కనిపించినా, చురుక్కుమన్నా, రక్తపు చుక్క కనిపించినా అక్కడితో ఆపెయ్యాలి. వాడిన ముక్క ఆ రోజే చెత్తలో వెయ్యాలి. అదే ముక్క చేతివేలికి వాడకూడదు, కాళ్ళు రుద్దుకునే రాయి ఇంకొకరికి ఇవ్వకూడదు.

తర్వాత పులిపిరి చుట్టూ మంచి చర్మానికి వేజలిన్ పల్చగా రాయాలి. పులిపిరి మీద పడకుండా చూసుకోవాలి, పడితే మందు పట్టదు. సీసా మూతకున్న బ్రష్ శనగగింజంత దానికి మరీ లావు. పళ్ళు కుట్టుకునే పుల్లతో ఒక చుక్క తీసి నడిమధ్యలో పెట్టాలి, ఆరి తెల్లటి పొర కట్టాక ఇంకో చుక్క. అదీ ఆరాక పైన పేపర్ ప్లాస్టర్ వేసి పడుకోవాలి. పొద్దున ప్లాస్టర్ తీసేసి, రాత్రి మళ్ళీ మొదటి నుంచి. ఇలా పన్నెండు వారాలు. వారంలో పోతుందనుకుంటే నిరాశే మిగులుతుంది.

గవర్నర్‌పేట_మందులషాపు

సీసా గురించి ఒక మాట. ఆ మందు ఉండే జిగురు ద్రావకం చాలా తేలిగ్గా అంటుకుంటుంది. దీపం, స్టవ్, దోమల చక్రం దగ్గర మూత తియ్యకూడదు. మూత వదులుగా ఉంటే ద్రావకం ఆవిరైపోయి మందు తీగలు సాగుతుంది. అలాంటప్పుడు పలుచగా పరుచుకోదు, గడ్డలా కూర్చుని పొర పగిలి ఊడిపోతుంది. అలా అయిన సీసా పారేసి కొత్తది కొనండి, స్పిరిట్ కలిపి పలుచన చెయ్యొద్దు.

కృష్ణలంక_కిరణ్

మా నాన్నగారికి షుగర్. పోయిన ఏడాది భవానీ దీక్షలో మండలం రోజులు చెప్పుల్లేకుండా తిరిగారు, తర్వాత మడమ దగ్గర ఇలాంటిదే లేచింది. దీక్ష వల్లే వచ్చిందా? ఈ పెయింట్ ఆయనకూ పెట్టొచ్చా?

అరండల్‌పేట_సిస్టర్

కిరణ్, నాన్నగారికి వద్దు బాబూ. షుగర్ ఎక్కువ కాలం ఉన్నవాళ్ళకు పాదంలో స్పర్శ తగ్గుతుంది. యాసిడ్ లోతుకు పోయి పుండు పడినా నొప్పి తెలియదు. ఆ పుండు మానడం కూడా కష్టం. కార్న్ క్యాప్ పొట్లం మీద కూడా షుగర్ ఉన్నవాళ్ళు వాడొద్దనే ఉంటుంది, ఎవరూ చదవరు. ఉప్పుకాగితం, బ్లేడు కూడా పెట్టనివ్వద్దు. గుంటూరు జీజీహెచ్‌లోగానీ విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలోగానీ స్కిన్ ఓపీలో చూపించండి. పెద్ద వయసులో కొత్తగా లేచి పెరుగుతున్నదాన్ని పులిపిరే అని ఇంట్లో తేల్చకూడదు. అవసరమైతే వాళ్ళు ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

దీక్ష వల్ల అని చెప్పలేం. పులిపిరి అంటుకోవాలంటే రెండు కావాలి. పులిపిరి ఉన్నవాళ్ళ నుంచి రాలిన చర్మం ఒకటి, మన చర్మంలో చిన్న పగులో గీతో ఇంకొకటి. వట్టికాళ్ళతో తిరిగితే మడమలు పగులుతాయి, దారి దొరుకుతుంది, అది నిజమే. అయితే ఎండలో కాలే మెట్ల కన్నా ఎప్పుడూ తడిగా ఉండే స్నానాల గది నేలే ఎక్కువ అనుమానించాల్సింది. నానిన చర్మం మెత్తబడి తేలిగ్గా తెగుతుంది. అంటుకున్నాక పైకి కనిపించడానికి కొన్ని నెలలు పడుతుంది కాబట్టి ఫలానా చోట వచ్చిందని చాలామంది చెప్పలేరు.

లత_పటమట

హాస్టల్లో ముప్ఫై మందికి ఒకే వరుస బాత్‌రూములు. అయితే అక్కడే అయి ఉంటుంది. శానిటైజర్ కొని ఇచ్చాను, కాలికి రాసుకుంటే చాలా?

గవర్నర్‌పేట_మందులషాపు

శానిటైజర్‌ని నమ్ముకోవద్దండి. ఫ్లూ, కరోనా లాంటి వైరస్‌లకు పైన కొవ్వు పొర ఉంటుంది, స్పిరిట్ దాన్ని కరిగిస్తుంది. పులిపిరి వైరస్‌కు ఆ పొర లేదు, అందుకే స్పిరిట్‌కు అంత తేలిగ్గా లొంగదు. దానికన్నా బాత్‌రూమ్‌కు వేరే రబ్బరు చెప్పులు కొనివ్వండి, వాటిని ఇంకొకరు వేసుకోకుండా చూసుకోమనండి. తువ్వాలు వేరు. పొద్దున రాత్రి ప్లాస్టర్ తీశాక పగటికి కొత్తది వేసుకుంటే చర్మం నేల మీద రాలదు. మన ఎండలకు బూట్లలో పాదం రోజంతా నానుతుంది. మధ్యాహ్నం సాక్సులు మార్చుకోగలిగితే మంచిది.

గోళ్ళు కొరకడం మాన్పించకపోతే మాత్రం చేతి మీదవి తగ్గవు. గోరు పక్కన చర్మం పళ్ళతో చీలిన ప్రతిసారీ వైరస్‌కు కొత్త చోటు దొరుకుతుంది. ఒక వేలి నుంచి ఇంకో వేలికి, కొందరికి పెదవి మీదకు కూడా వస్తుంది.

బెంజ్‌సర్కిల్_అనిల్

పన్నెండు వారాలు రోజూ ఈ పని హాస్టల్ కుర్రాడు చేస్తాడా? నేను వేరే మాట చెప్తాను. నెదర్లాండ్స్‌లో 250 మంది మీద చేసిన పరీక్ష ఒకటి 2010లో వచ్చింది. కొందరికి చల్లటి నైట్రోజన్‌తో పులిపిరిని గడ్డకట్టించారు, కొందరికి యాసిడ్ ఇచ్చారు, కొందరికి ఏమీ చెయ్యలేదు. పదమూడు వారాల తర్వాత చూస్తే అరికాలి పులిపిర్లు ఏమీ చెయ్యనివాళ్ళలో కూడా నూటికి 23 మందికి పోయాయి. యాసిడ్ వాడినవాళ్ళలో 33, గడ్డకట్టించినవాళ్ళలో 30. ఈ తేడా పెద్దది కాదని వాళ్ళే తేల్చారు. పిల్లల్లో చాలావరకు రెండేళ్ళలో వాటంతట అవే పోతాయి. ఒంటికి ఆ వైరస్ తెలిసొస్తే ఒకేసారి అన్నీ రాలిపోతాయి. అంత కష్టం ఎందుకు?

అరండల్‌పేట_సిస్టర్

అనిల్ గారూ, అంకెలు సరైనవే. అదే పరీక్షలో చేతి మీద వచ్చే మామూలు పులిపిర్ల సంగతి కూడా చెప్పండి. గడ్డకట్టిస్తే నూటికి 49 మందికి పోయాయి, యాసిడ్‌తో 15, ఏమీ చెయ్యకపోతే 8. చేతికీ కాలికీ ఒకే సలహా ఇవ్వలేమని దాన్నుంచే అర్థమవుతుంది. అరికాల్లో చర్మం మందం, పులిపిరి లోపలికి ఒత్తుకుని ఉంటుంది, గడ్డకట్టించినా అంత లోతు పోదు.

నొప్పి లేకుండా, పెరగకుండా ఉన్నదైతే వదిలెయ్యండని నేనూ అంటాను. ఈ బాబుది బరువు ఆనే చోట ఉంది, పక్కకు పాకుతోంది, ముప్ఫై మంది వాడే నేల మీద నడుస్తున్నాడు. ఇలాంటప్పుడు చూస్తూ ఊరుకోలేం.

బెంజ్‌సర్కిల్_అనిల్

నొప్పి ఉంటే సరే. పాకుతుందన్న ఒక్క కారణానికి వైద్యం చెయ్యాలన్నది మాత్రం ఒప్పుకోను. వైద్యం చేసినా చుట్టూ కనిపించకుండా ఉన్న వైరస్ పోదు కదా.

తెనాలి_బాబాయ్

సున్నం మాట వెనక్కి తీసుకుంటున్నాను. మరి ఆ బూడిదరంగు గట్టి టేపు అంటించి ఆరు రోజులు ఉంచితే పోతుందంటారు. దానికైనా ఆధారం ఉందా?

గవర్నర్‌పేట_మందులషాపు

అమెరికాలో పిల్లల మీద చేసిన పరీక్షలో టేపు గెలిచిందని 2002లో వచ్చింది బాబాయ్ గారూ. ఆరు రోజులు ఉంచి, తీసి, నానబెట్టి, రుద్ది, ఒక రాత్రి గాలికి వదిలి మళ్ళీ అంటించడం దాని పద్ధతి. తర్వాత వేరేచోట్ల చేసి చూస్తే మామూలు ప్యాడ్ పెట్టినదానికీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నా సలహా, యాసిడ్ కదలకుండా పట్టి ఉంచడానికి టేపు వాడుకోండి, టేపునే మందుగా నమ్మొద్దు. మన వేడికి ఆరు రోజులు గాలాడకుండా ఉంచితే కింద చర్మం పాసిపోతుంది. వెల్లుల్లి కట్టినా బొబ్బలెక్కుతుంది. హోమియో మాత్రలను ఉత్త మాత్రలతో పోల్చి చూసినప్పుడు అరికాలి పులిపిర్లలో తేడా కనిపించలేదు.

లత_పటమట

మూడు వారాలైంది, మళ్ళీ రాస్తున్నాను. పెద్దది సగానికి పల్చబడింది, నల్లచుక్కలు పైకి వచ్చినట్టు కనిపిస్తున్నాయి. చిన్నవాటిలో ఒకటి పోయినట్టుంది. అయితే చుట్టూ రూపాయి బిళ్ళంత చర్మం తెల్లగా నాని మంటగా ఉందంటున్నాడు. పుల్ల తీసుకెళ్ళడం మర్చిపోయి నేరుగా బ్రష్‌తో రాస్తున్నాడట. చేతివేలికీ అదే రాస్తున్నాడు, గోరు మొదట్లో ఎర్రగా వాచింది.

అరండల్‌పేట_సిస్టర్

చుక్కలు పైకి రావడం మంచిదే, పులిపిరి పల్చబడిందని అర్థం. కాలికి రెండు మూడు రోజులు మందు ఆపి మంట పోనివ్వండి. ఉత్త వేజలిన్ రాసుకోమనండి, ఉప్పుకాగితం పెట్టొద్దు. మంట పూర్తిగా పోయాక పుల్లతోనే, పులిపిరి దాటకుండా మళ్ళీ మొదలుపెట్టాలి. మంట పోకపోగా ఎరుపు పాదం పైకి ఎగబాకినా, చీము వచ్చినా, నడవలేకపోయినా ఆ రోజే చూపించాలి.

పోయినట్టున్న చిన్నదానిని వదలొద్దు. నానబెట్టి గీతలు చూడండి. గీతలు మళ్ళీ ఆ చోటు మీదుగా కలిసి సాగితే, పక్కల నుంచి నొక్కినా నొప్పి లేకపోతే పోయినట్టే. గీతలు కలవకపోతే ఇంకా కింద ఉంది, మందు పెట్టాల్సిందే.

చేతివేలికి మాత్రం ఈ రోజే ఆపెయ్యండి. గోరు పుట్టే చోటు మొదట్లోనే ఉంటుంది, అక్కడ యాసిడ్ ఇంకితే గోరు వంకరగా పెరగొచ్చు. వాపు తగ్గాక స్కిన్ డాక్టర్‌కు చూపించండి. గడ్డకట్టించడం చేతికి బాగా పనిచేసినా గోరు మొదట్లో అదీ జాగ్రత్తగా చెయ్యాలి, నొప్పి కూడా ఎక్కువ. చుట్టూ బొబ్బ లేస్తే ఆ అంచు వెంట ఉంగరంలా కొత్త పులిపిరి వచ్చే సందర్భాలూ ఉన్నాయి, ఆ సంగతి ముందే అడగండి.

కృష్ణలంక_కిరణ్

నాన్నగారిని జీజీహెచ్‌లో చూపించాం. పులిపిరి కాదట, పగులులో చిన్న ముల్లు ఉండిపోయి దాని చుట్టూ గట్టిపడిందట. తీసి కట్టు కట్టారు. యాసిడ్ పెట్టనందుకు మంచిదైంది.

లత_పటమట

కాలికి మందు ఆపాం. వేలికి ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. గోళ్ళు కొరకకుండా వేలికి ప్లాస్టర్ చుట్టి పంపుతున్నాను, వాడు తీసేయకపోతే చాలు. సిస్టర్ గారూ, ఒక సందేహం. ఆ వేలితోనే రోజూ కాలికి మందు రాసుకుంటాడు కదా, కాలిది వేలికి వచ్చిందా, వేలిది కాలికి వెళ్ళిందా?

అరండల్‌పేట_సిస్టర్

ఎటైనా జరిగి ఉండొచ్చు, ఎవరూ చెప్పలేరు. కాలికి చేసేటప్పుడు వేలికి ప్లాస్టర్ ఉంచమనండి, అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోమనండి. పన్నెండు వారాలు నిండినా కాలిది పోకపోతే అదే మందు ఇంకా గట్టిగా రుద్దుతూ పోవద్దు, వేలితో పాటు దాన్నీ డాక్టర్‌కు చూపించండి.